గుండెల్లో ఉన్న బేకరీకి దారెటు?

మన విమర్శకులు కవిత్వాన్ని పట్టించుకున్నారు, కథను పట్టించుకున్నారు, ఆఖరికి పెళ్లి శుభలేఖను కూడా వదల్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంట్లో కేకులు చేసి అమ్మేవారి బయోను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 150 అక్షరాలకు మించకూడని ఈ ప్రక్రియకు ఒక్కటే నియమం ఉన్నట్టు నా పరిశీలనలో తేలింది. అమ్మేదేమిటో, ఎక్కడో, ఎలా కొనాలో చదివినవాడికి తెలియకూడదు.

మేనకోడలి పుట్టినరోజుకు గుడ్డు వేయని కేకు తెచ్చే బాధ్యత నా మీద పడినప్పుడు ఈ ప్రక్రియతో నాకు పరిచయమైంది. మా ఊళ్లోనే ఒకావిడ బాగా చేస్తారని అక్క చెప్పి, పేజీ పంపింది. ఊరి పేరు బయట పెట్టడం ఆవిడ శైలికే విరుద్ధం కాబట్టి, మా ఊరిని ఇక్కడ ఫలానాపురం అనుకుందాం. ఆవిడ బయో ఇది:

కలలను బేక్ చేస్తాను
అమ్మ | భార్య | చాక్లెట్ పిచ్చి
ప్రతి ముక్కలో ప్రేమ
📍 మీ గుండెల్లో
నమ్మకమే నా ఓవెన్

నూటికి పైగా అక్షరాలున్నాయి. కేకు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. దీన్ని ధ్వని అంటారు కాబోలు. కలలను బేక్ చేస్తానన్నారు గానీ గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా చెప్పలేదు. లొకేషన్ గుర్తు పెట్టి మరీ నా గుండె అడ్రస్ ఇచ్చారు. అక్కడికైతే ఎటూ నేనే డెలివరీ ఇచ్చుకోవాలి. భార్య అన్న సమాచారం ఆర్డర్‌కి ఎలా పనికొస్తుందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

(దర్జీ పని చేసేవారి బయోలూ కొన్ని చూశాను. ‘దారంతో కథలు అల్లుతాం’ అని ఒకరు రాశారు. మన గుడ్డ తీసుకెళ్తే కుడతారా, కుట్టి పెట్టినవి అమ్ముతారా, పాత బట్టల కొలతలు సరిచేస్తారా అన్నది కథ చివర్లో తెలుస్తుందేమో. అందాకా మన కొలతలు మారకుండా చూసుకోవాలి.)

సరే, పేజీకే మెసేజ్ పెట్టాను: ‘నమస్తే అండీ, ఆదివారానికి ఎగ్‌లెస్ కేకు కావాలి.’ శుక్రవారం పోయింది, శనివారం పోయింది. ఆదివారం కేకు లేకుండానే మేనకోడలికి ఏడేళ్లు నిండాయి. మంగళవారం జవాబొచ్చింది: ‘సారీ అండీ, మీ మెసేజ్ రిక్వెస్టుల్లో ఉండిపోయింది. ఇప్పుడే చూశాను.’ మనం ఫాలో కానివాళ్లు పంపే మెసేజ్ మామూలుగా నేరుగా ఇన్‌బాక్స్‌లోకి రాదు, రిక్వెస్టులన్న పక్కగదిలో కూర్చుంటుంది. కొత్త గిరాకీ అంటేనే ముక్కూ మొహం తెలియనివాడు. అంటే ‘ఆర్డర్ల కోసం మెసేజ్ చేయండి’ అని రాసినవారు కొత్తవాళ్లందరినీ ఆ పక్కగదికే పంపుతున్నారన్నమాట. రోజూ ఆ తలుపు తీసి చూసేవాళ్లకు ఇబ్బంది లేదు. చూడనివాళ్లకు మంగళవారమే గతి.

అపరాధభావం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. బయో ఎలా ఉండాలో చెప్పమని ఆవిడే అడిగారు. ఇద్దరం వాట్సాప్ కాల్‌లో కూర్చుని లెక్క మొదలెట్టాం. లెక్కంటే నిజంగా లెక్కే. ‘కేక్’ మనకు రెండక్షరాలు, యాప్‌కి నాలుగు. ఏత్వం విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి. ‘గుడ్డు’ ఏకంగా ఆరు. తెలుగులో బయో రాయడమంటే గుణింతానికి సుంకం కట్టడమే.

మొదట ఊరి పేరును బయోలోంచి తీసి పై గడిలో పెట్టించాను. లావు అక్షరాల్లో కనిపించే ఆ పేరు గడికి వేరే 64 అక్షరాలున్నాయి. పైగా జనం వెతికేటప్పుడు యూజర్‌నేముతో పాటు అదీ లెక్కలోకి వస్తుంది. అక్కడ అప్పటిదాకా ఆవిడ ముద్దుపేరు, అదీ వంకీలు తిరిగిన ఫ్యాన్సీ అక్షరాల్లో ఉంది. ఆ వంకీలు ఇంగ్లిష్ అక్షరాలు కావు, వాటిలా కనిపించే గణిత చిహ్నాలు. కొన్ని ఫోన్లలో ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపిస్తే అది కేకుల పేజీ కాదు, లెక్కల పరీక్ష. వాటిని తీసేసి, జనం మామూలుగా టైప్ చేసే స్పెల్లింగులో ఎగ్‌లెస్ కేకులు, పక్కనే ఊరి పేరు పెట్టాం. ఆ పేరును 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారని చెప్పాను. ‘అయితే తొందరపడకూడదండీ’ అని ఆవిడ పావుగంట ఆలోచించారు.

లొకేషన్ దగ్గర మాత్రం ఆవిడ గట్టిగా నిలబడ్డారు. ‘ఇంటి అడ్రస్ అందరికీ ఎలా పెట్టమంటారండీ? పిల్లలతో ఒక్కదాన్నే ఉంటాను పగలంతా.’ ఇక్కడ నా వెటకారానికి నోరు పడిపోయింది. ఆవిడ మాటే న్యాయం. ఇంటి నంబరు అక్కర్లేదు, పేటో ఆనవాలో చాలు. ఆర్డర్ ఖాయమయ్యాక లొకేషన్ పంపొచ్చు. గుండెకూ గుమ్మానికీ మధ్య చెప్పదగ్గ చోట్లు చాలానే ఉన్నాయి.

చివరికి తేలిన బయో ఇది:

గుడ్డు లేని కేకులు, అర కిలో నుంచి
పాత మార్కెట్ దగ్గర పికప్, 5 కి.మీ. లోపు డెలివరీ
2 రోజుల ముందు వాట్సాప్ చేయండి

మొత్తం 111. వస్తువును మొదటి వరుసలోనే పెట్టాం. బయో పొడవైతే యాప్ తోక మడిచేస్తుంది, మడిచింది విప్పి చదివేంత ఓపిక కేకు కోసం వచ్చినవాడికి ఉండదు. ‘2 రోజుల ముందు’ అన్న మాట ఆవిడకు మొరటుగా అనిపించింది. రేపు పొద్దున్నకి కావాలంటూ రాత్రి పదింటికి వచ్చే మెసేజ్‌లు ఎన్నని అడిగాను. ఆ తర్వాత మొరటుతనం గురించి చర్చ జరగలేదు.

వాట్సాప్ నంబరును బయోలో అంకెలుగా రాయలేదు. లింకు గడిలో `https://wa.me/` రాసి, వెంటనే దేశం కోడ్, ఆ వెనకే నంబరు పెట్టాం. నొక్కితే నేరుగా చాట్ తెరుచుకోవాలి. మొదటిసారి తెరుచుకోలేదు. ఆవిడ అలవాటు కొద్దీ కోడ్ ముందు ప్లస్సూ, నంబరు ముందు సున్నా పెట్టారు. రెండూ ఉండకూడదు, మధ్యలో గీతలూ ఖాళీలూ కూడా ఉండకూడదు. వేరే ఫోన్ నుంచి నొక్కి చూస్తేనే ఇది బయటపడింది. లింకు పెట్టినవారు తమ లింకును తాము ఎన్నడూ నొక్కకపోవడం ఈ ప్రక్రియలో మరో సంప్రదాయం.

అంతా అయ్యాక ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, ‘ఇంకా ఎన్ని మిగిలాయండీ?’ అన్నారు. 39 అన్నాను. మర్నాడు చూస్తే నాలుగో వరుస వచ్చి చేరింది: ‘కలలు కూడా బేక్ చేస్తాం’. లెక్కపెట్టాను. వరుస మార్పుతో కలిపి 23 అయింది, ఇంకా 16 మిగిలే ఉన్నాయి. అభ్యంతరం చెప్పడానికి దారి లేదు.

కలలు కూడా అర కిలో నుంచేనా అని వెంటనే పేజీకి మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. రిక్వెస్టుల్లో ఉండి ఉంటుంది.