నక్క పరిధి తగ్గలేదు, పాయింట్లు పెరిగాయి

గత నెలలో ఒక నివేదిక ముసాయిదాను చదివి పెట్టమని నాకు పంపారు. కాలర్ కట్టిన ఒక ఆడ నక్క గురించిన అధ్యాయం అది. మొదటి ఏడాది సంచార పరిధి ఇంత, రెండో ఏడాది ఇంత అని పట్టిక వేసి, కింద ఒక వాక్యం రాశారు: ఆవాసం దెబ్బతినడం వల్ల పరిధి దాదాపు 40 శాతం కుంచించుకుపోయింది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే అసలు కారణం పక్క గడిలోనే కనిపిస్తోంది. మొదటి ఏడాది చేత్తో యాంటెనా పట్టుకుని తిరిగి సేకరించిన స్థానాలు 100. రెండో ఏడాది జీపీఎస్ కాలర్ రోజుకు మూడు చొప్పున ఇచ్చినవి సుమారు 1000. స్థానాల నుంచి పరిధి లెక్కగట్టిన పద్ధతి రెండేళ్లకూ ఒకటే, 95 శాతం కెర్నల్. దాని ఫలితాన్ని నిర్ణయించే బ్యాండ్‌విడ్త్ ఎంతో ఎక్కడా రాయలేదు. అడిగితే, "ప్యాకేజీ ఇచ్చిందే తీసుకున్నాం" అన్నారు.

ఆ జవాబు నన్ను బాధపెట్టింది. కోపం కూడా తెప్పించింది. ఇది ఒక్కరి తప్పు అయితే ఫోనులో చెప్పి ఊరుకునేదాన్ని. కానీ స్థానాలన్నింటినీ చుట్టి గీసే బహుభుజి పాతకాలపు పద్ధతి, కెర్నల్ కొత్తది, కాబట్టి కెర్నల్ వాడితే లెక్క సరైనట్టే అని నమ్మేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను. ఆ నమ్మకం ఎంత తప్పో ఒక చిన్న లెక్క చేస్తే తేలిపోతుంది.

లెక్క కోసం ఒక జంతువును ఊహించుకుందాం. దానికి రెండే చోట్లు. పగలు పడుకునే బొరియ ఒకటి, రాత్రి మేతకు వెళ్లే చోటు ఒకటి. రెండింటి మధ్య దూరం 4 కిలోమీటర్లు. సగం స్థానాలు ఇక్కడ, సగం అక్కడ. ప్రతి చోటా అది గంట ఆకారపు వితరణలో, 300 మీటర్ల ప్రామాణిక విచలనంతో తిరుగుతుంది. మధ్యలోని నేల మీదుగా దాటిపోవడమే తప్ప అక్కడ ఆగదు. జంతువును మనమే తయారుచేశాం కాబట్టి సరైన జవాబు మనకు ముందే తెలుసు. ఒక్కో చోట 95 శాతం వాడకం 734 మీటర్ల వ్యాసార్థంలో పడుతుంది. అంటే ఒక్కోటి 1.7 చదరపు కిలోమీటర్లు, రెండూ కలిపి 3.4.

ఇప్పుడు దీని నుంచి 100 స్థానాలు తీసి కెర్నల్‌కు ఇద్దాం. కెర్నల్ చేసే పని సులువుగానే అర్థమవుతుంది. ప్రతి స్థానం మీద ఒక చిన్న మట్టికుప్ప పోస్తుంది, కుప్పలన్నీ కలిసి ఒక గుట్ట అవుతాయి, ఆ గుట్టలో 95 శాతం మట్టిని చుట్టే గీతే పరిధి. కుప్ప ఎంత వెడల్పు ఉండాలన్నదే బ్యాండ్‌విడ్త్. ఫలితమంతా దాని చేతిలోనే ఉంది. ఏమీ చెప్పకపోతే `adehabitatHR` అనే R ప్యాకేజీ తీసుకునేది "రిఫరెన్స్" బ్యాండ్‌విడ్త్, దాని సూత్రం `h = σ × n^(-1/6)`. ఇందులో n అంటే స్థానాల సంఖ్య, σ అంటే తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ దిశల్లోని ప్రామాణిక విచలనాల సగటు. స్థానాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఒకే గుట్టగా ఉన్నాయన్న ఊహ మీద ఈ సూత్రం కట్టారు. మన జంతువుకు కేంద్రాలు రెండు. ఆ సంగతి సూత్రానికి తెలియదు. రెండు చోట్ల మధ్య ఉన్న 4 కిలోమీటర్ల ఖాళీని కూడా అది జంతువు విస్తృతిగానే చదువుతుంది.

తూర్పు-పడమర విచలనం 2 కిలోమీటర్లు దాటుతుంది, ఉత్తర-దక్షిణం 300 మీటర్లే, సగటు సుమారు 1160 మీటర్లు. 100కు ఆరో మూలం 2.15. భాగిస్తే h దాదాపు 540 మీటర్లు. 300 మీటర్ల విచలనంతో తిరిగే జంతువు మీద 540 మీటర్ల కుప్పలు పోస్తున్నామన్నమాట. ఫలితం 14.3 చదరపు కిలోమీటర్లు. ఉన్నది 3.4. నాలుగు రెట్లకు పైగా పెంచి చెప్పింది.

ఇప్పుడు అదే జంతువు, అదే నేల, అదే నడక. స్థానాలు మాత్రం 1000. ఆరో మూలం 3.16, h దాదాపు 367 మీటర్లు, పరిధి 8.5. అంటే 41 శాతం తగ్గుదల! ఏ చెట్టూ కొట్టలేదు, ఏ రోడ్డూ వేయలేదు, జంతువు ఒక్క అడుగు కూడా మార్చుకోలేదు. 10,000 స్థానాలు ఇస్తే 5.7కు దిగుతుంది. అప్పటికీ అసలు విలువ కంటే చాలా ఎక్కువే.

మరి పాత బహుభుజి? 1947లో మోర్ చేతుల మీదుగా వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. ప్రతి స్థానం దగ్గర ఒక మేకు కొట్టి, అన్నింటి చుట్టూ రబ్బరు బ్యాండు వేసినట్టు ఉంటుంది. మన 100 స్థానాలకు అది సుమారు 6.5 చదరపు కిలోమీటర్లు ఇస్తుంది. అందులో దాదాపు సగం జంతువు ఎప్పుడూ ఆగని మధ్య నేల. తప్పే, కానీ ఈ జంతువు విషయంలో కెర్నల్ చేసిన దానికంటే చిన్న తప్పు. అయితే 1000 స్థానాలు ఇచ్చేసరికి అదే బహుభుజి 9.5 దగ్గరకు పెరుగుతుంది. రబ్బరు బ్యాండు బయటికే సాగుతుంది, లోపలికి రాదు. ఇంకొక స్థానం చేరితే పరిధి పెరగాలి, లేదా అలాగే ఉండాలి. తగ్గే దారి లేదు.

నేను అందరికీ చూపించాలనుకుంటున్నది ఇదే. ఒకే డేటా మీద రెండు పద్ధతులు ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నాయి. ఆ నివేదికవాళ్లు బహుభుజి వాడి ఉంటే, "పరిధి 40 శాతానికి పైగా విస్తరించింది, ఆవాసం దెబ్బతిని ఆహారం కోసం దూరం పోతోంది" అని అంతే ధీమాగా రాసేవాళ్లు. రెండు కథలూ నమ్మేలాగే ఉంటాయి. రెండూ స్థానాల సంఖ్య నుంచి పుట్టినవే.

బహుభుజిని 95 శాతానికి తగ్గిస్తే సరిపోతుందని కొందరు అంటారు. 1943లో బర్ట్ ఇచ్చిన నిర్వచనంలోనే, అప్పుడప్పుడు బయటికి వెళ్లివచ్చే అన్వేషణ యాత్రలను పరిధిలో కలపకూడదని ఉంది కదా అని. ఉద్దేశం మంచిదే. కానీ సాధారణంగా ప్యాకేజీ తీసేసేది స్థానాల కేంద్రబిందువు నుంచి అతి దూరంగా ఉన్న 5 శాతాన్ని. అవి అన్వేషణ యాత్రలో కాదో దానికి తెలియదు. జంతువు నీళ్లకు వెళ్లే ఏకైక మడుగు దూరంగా ఉండి, అక్కడ గడిపేది నూటికి నాలుగు వంతులే అయితే, ఆ మడుగు మొత్తం పటంలోంచి మాయమవుతుంది. పైగా బహుభుజి 95 శాతం అంటే స్థానాల లెక్క, కెర్నల్ 95 శాతం అంటే వాడకపు సాంద్రత లెక్క. పేరు ఒకటే అయినంత మాత్రాన ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

కెర్నల్ గీత నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. గీతను స్థానాల మీద వేసి చూడండి. మన ఉదాహరణలో 100 స్థానాలున్నప్పుడు 95 శాతం గీత ఒక్కో కేంద్రానికి 1500 మీటర్ల దూరంలో పడుతుంది. అక్కడి 50 స్థానాల్లో అన్నింటికంటే దూరంగా ఉన్నది దాదాపు 850 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే నూటికి 95 వంతుల వాడకం అని చెప్పే గీత, నూటికి నూరు స్థానాలకు బయట, 650 మీటర్ల ఖాళీ నేల అవతల నిలబడి ఉంది. ఇది కంటికి కనిపించే తప్పు. చూడలేదంటే పటం వేసుకోలేదనే అర్థం. బ్యాండ్‌విడ్త్ విలువ బయటికి తీయడం కూడా ఒక్క వరుస పని:

```r
ud <- kernelUD(pts, h = "href")
ud@h$h
kernel.area(ud, percent = 95, unout = "km2")
mcp(pts, percent = 100, unout = "km2")$area
```

ఇక్కడ `pts` మీటర్లలో ఉండాలి. అక్షాంశ రేఖాంశాలను అలాగే ఇచ్చేస్తే వచ్చే h డిగ్రీల్లో ఉంటుంది, ఆ విస్తీర్ణానికి అర్థమే ఉండదు.

"అయితే క్రాస్ వాలిడేషన్‌తో h ఎంచుకుంటాం" అన్నారు నివేదికవాళ్లు. అంటే సూత్రం బదులు డేటాకే బాగా సరిపోయే h ను వెతకడం. రెండు కేంద్రాలున్న జంతువుకు అది చాలాసార్లు మెరుగే. కానీ జంతువు ఒకే బొరియకు మళ్లీ మళ్లీ వచ్చి, స్థానాలు ఒకదాని మీద ఒకటి పడితే, ఆ పద్ధతి h ను కిందికి లాగుతూనే పోతుంది, ఎక్కడా నిలవదు. అప్పుడు పటంలో పరిధి బదులు పొక్కుల్లా చిన్న చిన్న వలయాలు వస్తాయి. ప్యాకేజీ హెచ్చరిక కూడా ఇస్తుంది. దాన్ని చదవకుండా ముందుకు పోకండి.

పది నిమిషాలకొకసారి స్థానం పంపే కాలర్లతో చిక్కు ఇంకోలా ఉంటుంది. 30 రోజుల్లో 4320 స్థానాలు వస్తాయి. కానీ జంతువు తన పరిధి అంతా ఒక చుట్టు తిరగడానికి 5 రోజులు పడితే, మనం నిజంగా చూసినవి ఆరు చుట్లే. పక్కపక్క స్థానాలు ఒకే నడకలోని అడుగులు, విడివిడి సాక్ష్యాలు కావు. సూత్రం మాత్రం n స్థానంలో 4320 వేసుకుని, ఆరుకు రావాల్సిన h లో మూడో వంతే ఇస్తుంది. పరిధి బదులు నడిచిన దారి చుట్టూ సన్నని పట్టీ వస్తుంది. ఇక్కడ తప్పు తక్కువ చెప్పే వైపు. ఫ్లెమింగ్, సహచరులు 2015లో ప్రతిపాదించిన ఆటోకోరిలేటెడ్ కెర్నల్ పుట్టింది ఈ చిక్కు కోసమే. `ctmm` ప్యాకేజీ ఆ ఆరు లాంటి అసలు నమూనా పరిమాణాన్ని లెక్కగట్టి చూపిస్తుంది. దానితోపాటు, రెండు స్థానాల మధ్య కాలాన్ని బట్టి జంతువు ఎంత దూరం జరిగిందో చూపే వేరియోగ్రామ్ గీయండి. ఆ కాలం పెరిగేకొద్దీ వక్రరేఖ ఒక ఎత్తులో చదును కావాలి. పైకి ఎగబాకుతూనే ఉంటే ఆ జంతువు ఇంకా ఒక పరిధిలో స్థిరపడలేదు, లేదా మనం చాలినన్నాళ్లు చూడలేదు. అప్పుడు ఏ పద్ధతి ఇచ్చిన విస్తీర్ణమూ సంచార పరిధి కాదు.

నివేదిక సంగతికి వస్తాను. రెండో ఏడాది 1000 స్థానాల్లోంచి యాదృచ్ఛికంగా 100 చొప్పున, కొన్ని వందల సార్లు తీసి, ప్రతిసారీ అదే కెర్నల్ వేయమన్నాను. దీనివల్ల పక్షపాతం పోదు, కానీ రెండేళ్లకూ సమానమవుతుంది, పోల్చడానికి అది చాలు. నిజంగా పరిధి తగ్గి ఉంటే ఆ తగ్గుదల 100 స్థానాలతో కూడా కనిపించాలి. రెండు రోజుల తర్వాత ఫలితం పంపారు. మొదటి ఏడాది విలువ ఆ వందల విలువల మధ్యలోనే, హాయిగా ఒదిగిపోయి ఉంది. వాక్యం తీసేశారు. పట్టికలో h కు ఒక నిలువు వరుస చేర్చారు. పటం మీద స్థానాలు కూడా వేశారు, అప్పుడే మొదటిసారి కనిపించింది ఆ నక్కకు రెండు వేర్వేరు చోట్లు ఉన్నాయని.