వరిలో జింక లోపం

మా చిన్నాయన నారాయణపేట దగ్గర వరి, కంది వేస్తాడు. ఆయన చేతిలో ఫోన్ పట్టుకుని పొలంలో మాట్లాడిన వీడియోకు తెలుగు క్యాప్షన్లు వాటంతట అవే వచ్చాయి. మామూలు మాటలు బాగానే దిగాయి. పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిషన్‌కు ఏది తోస్తే అదే రాసింది. ‘పాలెం శాస్త్రవేత్త’ను ‘పాలు ఏం శాస్త్రవేత్త’ చేసింది. ‘కిలో విత్తనానికి పది గ్రాముల సూడోమోనాస్’ అని ఆయన చెబితే, ‘పది గ్రాముల చూడు మా నాన్న’ అని వేసింది. కందికి పట్టించే రైజోబియం ‘రైస్ ఓ బియ్యం’ అయింది. అన్నిటికంటే ఘోరం ఇది:

```
42
00:03:18,200 --> 00:03:21,900
వరిలో జింక లోపం ఉంటే ఎకరాకు
20 కిలోల జింక సల్ఫేట్
```

నాట్లయిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనబడి, ఏ రైతైనా ‘జింక్ లోపం’ అని వెతికితే ఈ వీడియో దొరక్కపోవచ్చు. అడవి జంతువుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు దొరకొచ్చు.

సరిచేస్తానని మా తమ్ముడు ముందుకొచ్చాడు. ఫైలు దింపుకుని ‘జింక’ ఉన్నచోటల్లా ‘జింక్’ పెట్టమని ఒక్క నొక్కు నొక్కాడు. పని అయిపోయిందని టీ తాగడానికి వెళ్లిపోయాడు కూడా.

కంప్యూటర్‌కు ‘జింక్’ అంటే ‘జింక’కు పొల్లు తగిలించిన మాట. అందుకే మొదట్నుంచీ సరిగ్గా ఉన్న ‘జింక్’లోనూ దానికి ‘జింక’ కనబడింది. దానికి రెండో పొల్లు పడింది. చూపుకు అంతగా తేడా తెలియదు గానీ వెతుకులాటలో అది వేరే మాటే. ‘జింకు’లో కొమ్ము అక్షరం నుంచి ఊడి చుక్కల సున్నాను పట్టుకుని వేలాడింది. ఇంకో సంగతి. మా వైపు కృష్ణజింకలు నిజంగానే చేలమీద పడతాయి. చిన్నాయన ఆ బాధ కూడా అదే వీడియోలో చెప్పుకున్నాడు. ఇప్పుడది ‘రాత్రిపూట జింక్లు వచ్చి కంది మేస్తున్నయి’ అయి కూర్చుంది.

‘గట్ల నేనెప్పుడన్నరా?’ అని చిన్నాయన లేచాడు.

పాత ఫైలు ఉంది కాబట్టి బతికాం. ఈసారి ఒంటి మాటను ముట్టుకోలేదు. ‘జింక సల్ఫేట్’, ‘జింక లోపం’ అని జంటమాటలు పట్టి మార్చాం. మిగిలిన జింకలను ఒక్కొక్కటిగా ఆడియో విని, మేసేదేదో చల్లేదేదో తేల్చాం. టైమింగ్ లైన్ల జోలికి పోలేదు. వాటిలో ఒక్క కామా చెడినా ఆ ముక్క తెరమీద కనబడకుండా పోవచ్చు. ‘చూడు మా నాన్న’ను సూడోమోనాస్ చేసేటప్పుడు చిన్నాయన కాస్త బాధపడ్డాడు. ఆ లైను ఆయనకు నచ్చిందట.

అంతా అయ్యాక ఒక్కటి తీసేయమన్నాడు. మధ్యలో మోటారు ఆపని జీతగాణ్ని తిట్టిన తిట్టు. పది సెకన్ల తిట్టులో మిషన్ ఒక్క అక్షరం తప్పు రాయలేదు.