చెయ్యి చూడండి, ఎత్తు చూడకండి

కొత్త ఆర్బిటర్ గారూ, మెడలో బ్యాడ్జి పడిన ఈ క్షణం నుంచి మీకు చెస్ రాదు. ఇది అవమానం కాదు, ఉద్యోగ నిబంధన. తెల్ల పావుల వాడు గెలుస్తున్నాడా, నల్ల పావుల వాడు మంచి ఎత్తు వదిలేశాడా అన్నది ఇకమీద మీకు సంబంధం లేని విషయం. మీరు చూడాల్సింది ఆటగాడి చెయ్యి. అది పావు వదిలిందా, వదిలాక వెళ్లి క్లాక్ నొక్కిందా? మీ దగ్గరికొచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. తేలనివి ఏమైనా ఉంటే, ఆ ఇద్దరి అరుపుల్లో మీకు ప్రశ్న వినబడకపోవడమే కారణం.

ఒక కేసు చూద్దాం. క్లాసికల్ గేమ్. తెల్ల రాజు జి1లో ఉన్నాడు, సి5లోని నల్ల బిషప్ ఏటవాలు గీత మీదుగా చెక్ ఇస్తోంది. మధ్యలో అడ్డం ఎవరూ లేరు. తెల్ల ఆటగాడు మాత్రం అటాక్ మత్తులో ఉన్నాడు. ఎఫ్3లోని గుర్రాన్ని ఠీవిగా జి5కి దూకించి, లేచి కాఫీకి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఇంకా క్లాక్ నొక్కలేదు. ఈ స్థితిలో అది ఇంకా శిక్ష పడే నేరం కాదు. తప్పు దిద్దుకోవచ్చు, కాకపోతే ముట్టుకున్నది గుర్రం కాబట్టి గుర్రంతోనే.

ఇప్పుడు ఆయన క్లాక్ నొక్కాడు. అయిపోయింది, ఇల్లీగల్ మూవ్ సంపూర్ణం. ప్రత్యర్థి క్లాక్ ఆపి మిమ్మల్ని పిలుస్తాడు. పిలుపులో ఆవేదన, కళ్లలో పండగ. మీరు గుర్రాన్ని ఎఫ్3లో పెట్టించి, ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు. ఆటగాడు వెంటనే రాజును పక్కకు జరపబోతాడు. ఆపండి. ముట్టుకున్న పావు నియమం ఇక్కడా వర్తిస్తుంది. గుర్రంతో చెక్ తప్పించే దారి ఉంటే ఆ దారే పట్టాలి. ఎఫ్3 గుర్రం ఆ గీతకు అడ్డం పడగలిగే గడి ఒక్కటే, డి4. అక్కడ దానికి కాపలా లేదు, బిషప్ తినేస్తుంది. అయినా వెళ్లాల్సిందే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది చట్టబద్ధంగా జరిగే చోటు చదరంగం బల్ల. గుర్రానికి చట్టబద్ధమైన ఎత్తు ఒక్కటీ లేకపోతేనే ఆయనకు వేరే పావు కదిపే స్వేచ్ఛ.

"మేడమ్, మీరు చెప్పకపోతే నేను రాజునే జరిపేవాణ్ని" అని ఆయన అంటాడు. నిజమే, అందుకే చెప్పారు.

అదే ఆటగాడు రెండోసారి ఇల్లీగల్ మూవ్ పూర్తి చేస్తే ఓటమి. ప్రత్యర్థి దగ్గర ఏ వరస ఎత్తులతోనూ మేట్ చేయలేని బలగం మాత్రమే ఉంటే డ్రా. ఎత్తు వేయకుండా క్లాక్ నొక్కడం, క్యాస్లింగ్‌ను రెండు చేతులతో చేసి క్లాక్ నొక్కడం కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. చివరి వరసకు చేరిన బంటును మార్చకుండా నొక్కినా అంతే. పైగా అక్కడ దాని స్థానంలో క్వీన్‌నే పెట్టాలి, గుర్రం కావాలన్నా ఇక కుదరదు.

ఆ రెండు నిమిషాలు కలపడం దగ్గర ఒక మాట. క్లాక్‌లో టైమ్ ఎలా మార్చాలో టోర్నమెంట్ ముందు రోజే నేర్చుకోండి. రెండు నిమిషాలు కలపడానికి ఎనిమిది నిమిషాలు తీసుకునే ఆర్బిటర్లున్నారు. అంతసేపూ ఇద్దరు ఆటగాళ్లూ బోర్డు వంక చూస్తూ ఉచితంగా ఆలోచిస్తుంటారు, ఎవరూ ఫిర్యాదు చేయరు.

రాపిడ్, బ్లిట్జ్‌లో చాలా బోర్డులకు ఒక్కరే ఆర్బిటర్ ఉన్నప్పుడు మరో మెలిక ఉంది. ఇల్లీగల్ మూవ్‌ను ప్రత్యర్థి తన తర్వాతి ఎత్తు వేసేలోపే పట్టుకోవాలి. వేసేశాక ఆ తప్పు అలాగే నిలిచిపోతుంది. బ్లిట్జ్‌లో జరిమానా ఒక్క నిమిషమే. 2017లో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్‌లో కార్ల్‌సన్ రూక్‌తో చెక్ ఇస్తే, ఇనార్కియెవ్ దాన్ని పట్టించుకోకుండా గుర్రంతో ఎదురు చెక్ ఇచ్చాడు. కార్ల్‌సన్ రాజును జరిపాడు. అప్పుడు ఇనార్కియెవ్ క్లాక్ ఆపి, కార్ల్‌సన్‌ది ఇల్లీగల్ మూవ్ అంటూ గెలుపు అడిగాడు. మొదట ఆ గెలుపు ఇచ్చేశారు కూడా. తర్వాత ఛీఫ్ ఆర్బిటర్ ఆట కొనసాగించమన్నారు. ఇనార్కియెవ్ ఒప్పుకోలేదు, పాయింట్ కార్ల్‌సన్‌కు వెళ్లింది. తేలు కుట్టిన దొంగ అరవకూడదన్న సామెత గ్రాండ్‌మాస్టర్ల దాకా చేరలేదు.

ఇక డ్రా ప్రతిపాదన. పద్ధతి ఇది: ఎత్తు వేయాలి, డ్రా అడగాలి, ఆ తర్వాత క్లాక్ నొక్కాలి. ఇద్దరూ స్కోర్‌షీట్‌లో = గుర్తు పెట్టాలి. లోకంలో జరిగేది వేరు. ఓడిపోతున్నవాడు, ప్రత్యర్థి తలపట్టుకుని ఆలోచిస్తున్న క్షణం చూసి "డ్రా?" అంటాడు. మీరు అది చెల్లదనకండి, చెల్లుతుంది. వేళకాని వేళ అడగడం ప్రత్యర్థికి భంగం కలిగించడం అవుతుంది కాబట్టి, అడిగినవాడికి హెచ్చరిక ఇవ్వొచ్చు. ఒకసారి అడిగాక వెనక్కి తీసుకోవడం మాత్రం లేదు. "డ్రా ఇస్తాను, కానీ నువ్వు క్వీన్ కొట్టకపోతేనే" లాంటి షరతులూ కుదరవు.

ఈ ఆఫర్ చచ్చే తీరు కూడా తెలుసుకోవాలి. ప్రత్యర్థి "వద్దు" అంటే పోతుంది. నోరు తెరవకపోయినా, కదిపే ఉద్దేశంతో పావు ముట్టుకుంటే పోతుంది. "ముందు నా ఎత్తు వేస్తాను, అది బాగుంటే సరే, లేకపోతే డ్రా తీసుకుంటాను" అనుకునే తెలివిమంతుడు పావు మీద చెయ్యి వేయగానే ఆ ఆఫర్‌కు కర్మకాండ జరిపినట్టే.

చివరగా ఫ్లాగ్, అంటే ఆటగాడి టైమ్ అయిపోయిందని క్లాక్ చూపే గుర్తు. మీరు చూస్తేనో, ఇద్దరిలో ఒకరు సరిగ్గా క్లెయిమ్ చేస్తేనో అది పడినట్టు లెక్క. ఎవరూ గమనించని ఫ్లాగ్ గోడకున్న బొమ్మ. ఎవరైనా గమనించేలోపు చట్టబద్ధమైన ఎత్తుతో మేట్ పడితే ఆట అక్కడే ముగిసింది, క్లాక్ నొక్కాల్సిన పనే లేదు. "నా ఫ్లాగ్ ముందు పడింది కదా" అని మేట్ చేసినవాడు నిజాయితీగా ఒప్పుకున్నా మీరు మెత్తబడకండి.

మనుషుల మనసు విరిగేది మాత్రం ఇక్కడే. నల్ల రాజు దగ్గర ఎ2లో ఒక బంటు ఉంది, క్వీన్ కావడానికి ఒక్క గడి. తెల్లవాడి దగ్గర రాజు, ఒక గుర్రం. నల్లవాడి ఫ్లాగ్ పడింది. నల్లవాడికి ఆ బంటు లేకుండా ఉట్టి రాజే మిగిలి ఉంటే డ్రా. బంటు ఉంది కాబట్టి ఓటమి. ఎందుకంటే నల్ల రాజు ఎ1 మూలలో, తెల్ల రాజు సి1లో, గుర్రం బి3లో నిలిస్తే అది మేట్. ఆ రాజు ఎ2లోకి తప్పించుకోకుండా అడ్డంగా నిలబడ్డది తన బంటే. నిజంగా అలా ఆడతాడా అన్నది ప్రశ్న కాదు, ఏదో ఒక వరస ఎత్తులతో సాధ్యమా అన్నదే. సాధ్యమే.

"ఒక బంటు ఎక్కువున్నందుకు ఓడిపోయానా?" అని ఆయన అడుగుతాడు. అవుననండి. వాదనకు దిగకండి, స్కోర్‌షీట్ మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి. ఏడో బోర్డు దగ్గర ఎవరో అప్పటికే క్లాక్ ఆపేసి చెయ్యెత్తి ఉంటారు.