రోజు విడిచి రోజు వద్దు, మందు పేరు చూడండి

“బ్రాండెడ్ బీపీ మాత్ర కొనలేక రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. జనరిక్ పనిచేస్తుందా?”

పనిచేస్తుందండి. ముందు ఆ రోజు విడిచి రోజు పద్ధతి ఆపేయండి. మా నాన్నగారూ ఇలాగే చేశారు. ఒంట్లో ఏమీ తెలియలేదు, కానీ మాత్ర వేసుకోని రోజు పొద్దున్న చూస్తే బీపీ 160 దాటేది. ఆయనది టెల్మిసార్టాన్ 40. దాని పని సుమారు ఒక రోజే ఉంటుంది.

స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్నగా ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు రాసుకోండి. జనరిక్‌లో ఆ రెండూ అచ్చంగా అవే ఉండాలి. పేరు చివర ‘ఏఎం’, ‘హెచ్’ లాంటివి ఉంటే అందులో రెండో మందు కలిసి ఉందని అర్థం, అదీ సరిపోలాలి. ఈఆర్, ఎక్స్‌ఎల్ అని ఉంటే నెమ్మదిగా విడుదలయ్యే రకం, మామూలు మాత్ర దానికి బదులు కాదు.

మార్చాక రెండు మూడు వారాలు రోజూ ఒకే టైముకి, ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి రాసిపెట్టండి. మా నాన్నగారి అంకెలు జనరిక్‌తో 130 దగ్గరే నిలిచాయి. మీవి పెరిగితే ఆ కాగితం డాక్టరుకి చూపించండి.

డబ్బు ఇబ్బంది అని డాక్టరుతో నేరుగా చెప్పండి, మొహమాటం వద్దు. చవకైన మందుకి మార్చగలరు. అటెనోలాల్, క్లోనిడిన్ వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయకూడదు, బీపీ ఎగబాకుతుంది.