ఢీకొన్నాయని చెబితే చాలదు, సాక్ష్యం చూపించాలి

శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలకు వెళ్తే ఈమధ్య ఒక రకం పని తరచుగా కనబడుతోంది. ఊగే జల్లెడ మీద జీడిపప్పు ఎలా కదులుతుందో, ఎక్కడ పోగుపడుతుందో కంప్యూటర్‌లో చూపించడం. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ కళ్లెదుటే ఉంది కాబట్టి పిల్లలు దాన్నే ఎంచుకుంటున్నారు. మంచిదే. ఇలాంటి ప్రోగ్రాంలో క్షణక్షణం తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పప్పు ఆ పప్పుకు తగిలిందా, లేదా? దానికి దాదాపు అందరూ వాడే పద్ధతి జీజేకే. 1988లో గిల్బర్ట్, జాన్సన్, కీర్తి అనే ముగ్గురు రోబోటిక్స్ కోసం రాసిన పద్ధతి ఇది. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు.

నా అభ్యంతరం పద్ధతి మీద కాదు, దాన్ని రాస్తున్న తీరు మీద. ఫంక్షన్ లోపల లెక్కంతా చక్కగా చేసి, చివర్లో `True` అనో `False` అనో ఒక్క ముక్క చెప్పి మిగతాదంతా పారేస్తున్నారు. ఆ పారేసిన దాంట్లోనే జవాబుకు రుజువు ఉంది.

ముందు పద్ధతి ఏంటో చూద్దాం. A, B అని రెండు కాన్వెక్స్ ఆకారాలు ఉన్నాయనుకోండి. కాన్వెక్స్ అంటే ఎక్కడా లోపలికి నొక్కుకుపోనిది. A లోని ప్రతి బిందువు నుంచి B లోని ప్రతి బిందువునూ తీసేస్తే వచ్చే బిందువులన్నీ కలిసి ఇంకో కాన్వెక్స్ ఆకారం అవుతాయి. దీన్ని మింకోవ్‌స్కీ తేడా అంటారు. A, B రెండింటిలోనూ ఉమ్మడి బిందువు ఒక్కటైనా ఉంటే, దాంట్లోంచి దాన్నే తీసేసినప్పుడు సున్నా వస్తుంది. అంటే తేడా ఆకారంలో మూలబిందువు ఉంటే రెండూ తగిలినట్టు, లేకపోతే లేనట్టు.

ఈ తేడా ఆకారాన్ని పూర్తిగా కట్టాలంటే దండగ ఖర్చు. చెరో 500 శీర్షాలుంటే 2,50,000 తీసివేతలు చేయాలి. జీజేకే దాన్ని కట్టదు. ఒక దిశ చెప్పి, ఆ దిశలో తేడా ఆకారం చిట్టచివరి బిందువు ఏదని మాత్రమే అడుగుతుంది. దాన్నే సపోర్ట్ పాయింట్ అంటారు. అది దొరకడం తేలిక: ఆ దిశలో A చివరి బిందువు తీసుకుని, దాంట్లోంచి ఎదురు దిశలో B చివరి బిందువును తీసేయడమే.

```python
def support(A, B, d):
    dot = lambda p: p[0]*d[0] + p[1]*d[1]
    a, b = max(A, key=dot), min(B, key=dot)
    return (a[0]-b[0], a[1]-b[1]), a, b
```

తేడా ఒక్కటే కాకుండా అది ఏ `a`, ఏ `b` ల నుంచి వచ్చిందో కూడా ఇక్కడ తిరిగి ఇస్తున్నాను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు కాగితం మీద ఒకటి చేద్దాం. A ఒక త్రిభుజం, శీర్షాలు (0,0), (4,0), (0,4). B ఒక చతురస్రం, (3,3) నుంచి (5,5) వరకు. వీటి చుట్టూ నిలువు, అడ్డం గీతలతో పెట్టెలు గీస్తే ఆ పెట్టెలు ఒకదాని మీదకి ఒకటి వస్తాయి. కాబట్టి పెట్టెల పరీక్షతో తేలదు.

మొదటి దిశ (1,0) అనుకుందాం. A చివర (4,0), ఎదురు దిశలో B చివర (3,3). తేడా (1,−3). ఇక్కణ్ణుంచి మూలబిందువు వైపు చూడాలి, అంటే దిశ (−1,3). ఆ దిశలో A చివర (0,4), ఎదురు వైపు B చివర (5,3), తేడా (−5,1). దిశతో దీని డాట్ ప్రొడక్ట్ 8. సున్నా కంటే ఎక్కువ, అంటే మూలబిందువును దాటి అవతలికి వెళ్లాం. ఇంకా ఏమీ తేలలేదు కాబట్టి వెతుకులాట ఆగదు.

చేతిలో ఇప్పుడు రెండు బిందువులున్నాయి. వాటిని కలిపే గీతకు లంబంగా, మూలబిందువు ఉన్న వైపుకి చూస్తే దిశ (2,3). ఈ దిశలో A చివర (0,4), ఎదురు వైపు B చివర (3,3). తేడా (−3,1). డాట్ ప్రొడక్ట్ −6+3, అంటే −3. ఇక్కడ ఆగాలి. ఈ దిశలో అన్నిటికంటే ముందున్న బిందువే మూలబిందువు దాకా రాలేకపోయింది. ఇక వెనకున్నవి వచ్చే ప్రశ్నే లేదు. రెండూ తగల్లేదు.

మూడు ప్రశ్నలతో పని అయిపోయింది. చాలామంది `False` అని రాసి వదిలేసేది ఇక్కడే. కానీ చేతిలో (2,3) అనే దిశ ఉంది. దాన్ని తీసుకుని జీజేకేతో సంబంధం లేకుండా సరిచూడొచ్చు. A మూడు శీర్షాలకూ 2x+3y లెక్కేస్తే ఎక్కువలో ఎక్కువ 12. B నాలుగు శీర్షాలకూ లెక్కేస్తే తక్కువలో తక్కువ 15. మధ్యలో ఖాళీ ఉంది. తగల్లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కోడ్‌లో ఎన్ని తప్పులున్నా సరే, ఈ పరీక్షలో నెగ్గిన `False` అబద్ధం కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. జల్లెడ మీద పప్పు ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి వెంట్రుకవాసి కదులుతుంది. తర్వాతి ఫ్రేమ్‌లో మళ్లీ (1,0) తో మొదలుపెట్టకుండా పాత (2,3) తోనే మొదలుపెడితే చాలాసార్లు మొదటి ప్రశ్నకే జవాబు వచ్చేస్తుంది. దిశను దాచుకోని కోడ్ ప్రతి ఫ్రేమ్‌లోనూ మొదటి నుంచి తవ్వుకుంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ ఖాళీని దూరం అనుకోకూడదు. 3ని దిశ పొడవు √13తో భాగిస్తే సుమారు 0.83 వస్తుంది. నిజానికి ఈ త్రిభుజానికీ చతురస్రానికీ మధ్య దూరం √2, అంటే 1.41. అవును-కాదు తేల్చే రూపంలో జీజేకే విడదీసే దిశ ఏదో ఒకటి దొరకగానే ఆగిపోతుంది, సరైన దూరం దొరికేదాకా వెతకదు. 0.83 అంటే దూరం కనీసం అంత ఉందని మాత్రమే. దూరమే కావాలంటే ముగ్గురూ 1988లో రాసిన అసలు రూపం వాడాలి. అది దగ్గరి బిందువులు దొరికేదాకా ఆగదు.

ఇప్పుడు చతురస్రాన్ని దగ్గరికి జరుపుదాం: (1,1) నుంచి (3,3) వరకు. మళ్లీ (1,0) తో మొదలు. మొదటి తేడా (4,0) లోంచి (1,1) తీసేస్తే (3,−1). రెండోది (0,4) లోంచి (3,1) తీసేస్తే (−3,3). ఈసారి మూలబిందువు గీతకు కింది వైపుంది కాబట్టి దిశ (−2,−3). మూడోది (0,0) లోంచి (3,3) తీసేస్తే (−3,−3). ఈ మూడింటి త్రిభుజం లోపల మూలబిందువు పడింది. తగిలాయి. 3డీలో అయితే త్రిభుజం బదులు నాలుగు బిందువుల టెట్రాహెడ్రన్ కావాలి. మిగతాదంతా ఇదే.

ఈ జవాబుకు సాక్ష్యం ఎక్కడుంది? మూలబిందువును ఈ మూడు బిందువుల మిశ్రమంగా రాస్తే వాటి వాటాలు 1/2, 1/3, 1/6. అవే వాటాలతో A వైపు శీర్షాలను కలపండి: (4,0) లో సగం, (0,4) లో మూడో వంతు, (0,0) లో ఆరో వంతు. వచ్చేది (2, 4/3). B వైపు (1,1), (3,1), (3,3) లను అవే వాటాలతో కలపండి. మళ్లీ (2, 4/3). రెండు ఆకారాల్లోనూ ఉన్న బిందువు అది. `support` నుంచి `a`, `b` లను విడిగా తిరిగి ఇచ్చింది ఇందుకే. అవి లేకపోతే ఈ బిందువు చేతికి రాదు.

ఇక జీడిపప్పు దగ్గరికొద్దాం. బద్ద అయినా గుండు అయినా జీడిపప్పు వంపు తిరిగి ఉంటుంది. మధ్యలో నొక్కు. అంటే కాన్వెక్స్ కాదు. మరి జీజేకేకి దాని శీర్షాలు ఇస్తే ఏమవుతుంది? ఎర్రర్ ఏమీ రాదు, అదే ప్రమాదం. నొక్కులో ఉన్న శీర్షం ఏ దిశలోనూ అన్నిటికంటే ముందుండదు. అందుకే సపోర్ట్ ఫంక్షన్ దాన్ని ఎప్పటికీ చెప్పదు. నొక్కును పూడ్చేసి, చుట్టూ తాడు బిగించినట్టున్న ఆకారాన్నే జీజేకే చూస్తుంది.

అందువల్ల ఒక పప్పు కొస ఇంకో పప్పు నొక్కులోకి దూరితే, అసలు తగలకపోయినా, తగిలిందని చెప్పి విడదీసి నెట్టేస్తుంది. స్క్రీన్ మీద దీన్ని గుర్తుపట్టొచ్చు: పప్పులు ఒకదాని ఒంపులో ఒకటి కుదురుకోవు, మధ్యలో సందులు వదిలి గాలిలో తేలినట్టు ఉంటాయి. జల్లెడ మీద కుప్ప ఉండాల్సినదానికంటే ఎత్తుగా వస్తుంది. ఘర్షణ అంకె తప్పేమో అని దాన్ని మారుస్తూ రోజులు గడిపే పిల్లల్ని చూశాను. తప్పు అక్కడ లేదు.

ఉమ్మడి బిందువును దాచుకుని ఉంటే ఇది నిమిషాల్లో బయటపడేది. ఆ బిందువు నుంచి ఒక వైపుకి గీత గీసి, పప్పు అసలు అంచును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టాలి. సరి సంఖ్య వస్తే బిందువు పప్పులో లేదు, నొక్కులో ఉంది. అప్పుడు ఆ `True` ని నమ్మడానికి లేదు. అలాగని తగల్లేదని కూడా రుజువైనట్టు కాదు, ఇంకోచోట తగిలి ఉండొచ్చు. `False` కి మాత్రం ఈ గొడవ లేదు. నొక్కు పూడ్చిన ఆకారాలే తగలకపోతే వాటి లోపలున్న అసలు పప్పులు తగలవు. పరిష్కారం తెలిసిందే: పప్పును రెండు మూడు కాన్వెక్స్ ముక్కలుగా విడగొట్టాలి. చెరో మూడు ముక్కలైతే 9 జతలు పరీక్షించాలి, ఏ ఒక్క జత తగిలినా తగిలినట్టే. ఖర్చు పెరుగుతుంది. కానీ ముందు పూడ్చిన ఆకారాలతో ఒకసారి అడిగి, `False` వచ్చిన జతలను అక్కడే వదిలేస్తే, విడగొట్టి చూడాల్సినవి కొన్నే మిగులుతాయి.

చివరిగా, ఆగని లూప్. అంచుకు అంచు ఆనుకుని ఉన్నప్పుడు డాట్ ప్రొడక్ట్ సున్నాకి ఇటూ అటూ ఊగుతుంది, అదే సపోర్ట్ పాయింట్ మళ్లీ మళ్లీ వస్తుంది. 32 బిట్ల ఫ్లోట్‌లో 10,000 దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే సుమారు 0.001. మిల్లీమీటర్లలో కొలుస్తూ, జల్లెడ మూలను ఆధారం చేసుకుని పది మీటర్ల అవతలి పప్పును లెక్కిస్తే అంతకంటే చిన్న తేడా కనబడదు. ముందు రెండు ఆకారాలనూ వాటిలో ఒకదాని కేంద్రానికి జరిపి లెక్క మొదలుపెడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. వచ్చిన బిందువే మళ్లీ వస్తే ఆపేయాలి. పునరావృతాలకు ఒక హద్దు కూడా పెట్టాలి. హద్దు దాటితే చాలామంది `True` అని రాసేస్తున్నారు. దాంతో తేలని జత తగిలిన జతల్లో కలిసిపోయి మళ్లీ దొరకదు. నేను అడిగేది మూడో జవాబు: తేలలేదు అని. దాంతోపాటు ఆ రెండు ఆకారాల శీర్షాలు, చివరి దిశ ఒక ఫైల్‌లో రాసిపెట్టాలి. అప్పుడు ఆ ఒక్క జతనే విడిగా నడిపి, ఎక్కడ ఇరుక్కుందో కాగితం మీద చూసుకోవచ్చు.