పదకొండున్నర రోజులు, దాదాపు ముప్పై రెండేళ్లు

"మిలియన్, బిలియన్ రెండూ పెద్ద అంకెలే కదా, అంత తేడా ఏముంటుందండీ?"

సెకన్లలోకి మార్చి చూడండి. రోజుకి 86,400 సెకన్లు. మిలియన్‌ని, అంటే 10 లక్షలని, దానితో భాగిస్తే 11 రోజుల 13 గంటల 46 నిమిషాల 40 సెకన్లు వస్తుంది, రెండు వారాలు కూడా కాదు. బిలియన్ అంటే 100 కోట్లు, అది 11,574 రోజుల పైచిలుకు, దాదాపు 31 ఏళ్ల 8 నెలలు. ఈరోజు పుట్టిన బిడ్డకి మిలియన్ సెకన్లు నిండేసరికి నెల కూడా నిండదు, బిలియన్ నిండేసరికి ఆ బిడ్డకే బిడ్డలుండొచ్చు.

ఇది నిజంగా జరిగిన లెక్క కూడా. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి, మన టైమ్‌లో ఉదయం ఐదున్నర నుంచి, సెకన్లు లెక్కబెడతాయి. ఆ లెక్కలో మిలియన్ అదే జనవరి 12 సాయంత్రానికే వచ్చేసింది. బిలియన్ రావడానికి మాత్రం 2001 సెప్టెంబర్ 9 దాకా ఆగాల్సి వచ్చింది, ఆదివారం ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకన్లకి మన దగ్గర. ఆ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూశాకే నాకు తేడా ఒంటికి తగిలింది.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది కోట్లలోకి మార్చేటప్పుడు. బిలియన్‌ని 10 కోట్లు అనుకున్నారో, జవాబు 3 ఏళ్ల 2 నెలలే వస్తుంది. ముప్పై ఏళ్లు దాటలేదంటే ఎక్కడో ఒక సున్నా జారిపోయినట్టే.