సవరణ: హోటల్ ఖాళీ చేయించే ప్రకటన

"మీ ప్రకటనలో 'అందరూ మెట్ల మీదుగా కిందికి రండి' అని ఉంది. మెట్లలోనే పొగ ఉంటే పై అంతస్తుల వాళ్లు ఏం చేయాలి?"

పాత కాగితం తీసేసి రిసెప్షన్‌లో ఇది అంటించండి:

"దయచేసి వినండి. హోటల్‌లో మంటలు. ఇప్పుడే మెట్ల మీదుగా దిగండి. లిఫ్ట్ వద్దు. సామాను వదిలేయండి. గేటు బయట ఆగండి. మెట్లలో పొగ ఉంటే, గదిలోకి వెళ్లి తలుపు మూయండి. తలుపు కింద తడి తువ్వాలు పెట్టండి. 112కు ఫోన్ చేసి గది నంబరు చెప్పండి."

పొగ పైకే పోతుంది. మెట్ల తలుపు తెరిచి ఉంటే ఆ దారంతా పొగగొట్టమే, అందులో దిగడం కన్నా మూసిన గదే నయం. రిసెప్షన్ నంబరు బదులు 112 ఎందుకంటే, అప్పటికి అక్కడి సిబ్బంది కూడా బయటికి వెళ్లి ఉండొచ్చు.

తెలుగులో రెండుసార్లు, తర్వాత హిందీలో, ఇంగ్లీషులో చదవండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక ఊపిరి ఆగండి. "ఆందోళన పడకండి" అని మాత్రం చేర్చకండి. దానివల్ల ఎవరూ శాంతించరు, చెవిలో పడాల్సిన మాట వెనక్కిపోతుంది.

డ్రిల్ రోజున పై అంతస్తు చివరి గదిలో తలుపు వేసుకుని ఒకరు వినాలి. అలారం మోతలో మాటలు కలిసిపోతుంటే, చదివినంతసేపూ మోత ఆగేలా అమర్చమని అలారం మెకానిక్‌కు చెప్పండి.